నాలుగు తుమ్మ ముక్కలు

నేను చేసిన బల్ల ఊగదు. ఈ మాట మూడేళ్ళపాటు అడిగినవాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి, బిట్రగుంటలోనే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక పెరట్లో రేకులషెడ్డు వేసి చెక్కపని మొదలుపెట్టినవాణ్ణి. ఇనుము నా మాట విన్నప్పుడు చెక్క ఎందుకు వినదన్న ధీమా ఉండేది. ఆ ధీమాకు మా అక్క ఎంత మూల్యం చెల్లించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. కావలి నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఉంటుంది. అంగన్‌వాడీలో పనిచేసి మానేసింది. బావ పోయి చాలా కాలమైంది. ఆ ఊరి చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం బల్లారాధన. ఆ రోజు రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసి ప్రభువు బల్ల మీద పెట్టే పని అక్కది. ఎవరో అప్పగించిన పని కాదు. బావ బతికుండగా మొదలుపెట్టింది, అలా సాగిపోయింది. శనివారం ఉదయం చిన్న చిన్న గాజు గ్లాసులు వేన్నీళ్ళతో కడిగి, గుడ్డ మీద బోర్లించి ఆరబెడుతుంది. ఆదివారం ఆరాధనకు ముందు వాటిని కన్నాలున్న పళ్ళెంలో నిలబెట్టి, ఒక్కొక్కటిగా నింపుతుంది. పైన తెల్లగుడ్డ కప్పుతుంది. సమయం వచ్చినప్పుడు ఆ గుడ్డ తీసి మడిచేది కూడా ఆవిడే. అది ఆ సంఘం పద్ధతి. బల్ల సిద్ధం చేసిన చేతులే గుడ్డ తీయాలి, ఆ తర్వాతే పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడతారు.

ఆ సంఘానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఊళ్ళో ఉదయం బల్లారాధన అయ్యాక, అదే బల్లను సముద్రపొడ్డున ఉన్న పాళేనికి తీసుకెళ్ళి సాయంత్రం అక్కడ మళ్ళీ ఆరాధన చేస్తారు. సముద్రంలో చేపల వేటకు పోయేవాళ్ళ పాళెం అది. వాళ్ళకు వేరే బల్ల చేయించవచ్చు కదా అని నేనొకసారి అన్నాను. "ఒక సంఘానికి ఒకటే బల్లరా" అంది అక్క, అక్కడితో ఆ మాట అయిపోయింది. పాత బల్లను నలుగురు మోయాలి. ట్రాక్టరు దొరికితే ట్రాక్టరు, లేకపోతే భుజాలు. అది చెదలు పట్టి పోయినప్పుడు, కాళ్ళు ఊడదీసి ఆటోలో పెట్టుకుపోయేలా ఒక బల్ల చెయ్యమని అక్క నన్ను అడిగింది.

కావలిలో ఒక హార్డువేరు షాపు ఉంది. అందులో కావాల్సిన సామాను దొరికింది. తలలేని బోల్టులు నాలుగు, వంచిన ఇనుప ప్లేట్లు నాలుగు. బోల్టుకు ఒక సగం చెక్కలోకి దిగే స్క్రూ మర, రెండో సగం నట్టు తిరిగే మర. హ్యాంగర్ బోల్టు అంటారు. స్క్రూ సగం కాలి లోపలి అంచులోకి దిగుతుంది. బల్లపలక కింద నాలుగు వైపులా పట్టీలు ఉంటాయి కదా, ఆ పట్టీలు కలిసే మూలకు అడ్డంగా ప్లేటు కూర్చుంటుంది. పట్టీలలో రంపంతో గాట్లు పెడితే ప్లేటు చివర్లు వాటిలో ఇరుక్కుంటాయి, ఆ పైన స్క్రూలు. కాలిని మూలలో నిలబెడితే దాని బోల్టు ప్లేటు మధ్య కన్నంలోంచి లోపలికి వస్తుంది. నట్టు వేసి బిగిస్తే కాలు పట్టీల కొసలకు ఆనుకుని బిగుసుకుపోతుంది. కాళ్ళు తీయాలంటే నాలుగు నట్లు విప్పితే చాలు. నాకు చాలా నచ్చింది.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. అంతా బిగించాక కూడా ప్లేటుకూ కాలికీ మధ్య వేలెడు సందు మిగిలిపోయింది. బోల్టు ఆ సందులో గాల్లో కనిపిస్తోంది. సందు అంటే నాకు పడదు. రైల్వేలో నేర్చుకున్నది అదే. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కదలిక మొదలవుతుంది, కదలిక మొదలైతే అరుగుతుంది, అరిగితే ఊడుతుంది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ప్యాకింగు వెయ్యాలి. షాపాయనకు ఫోన్ చేసి, మీ ప్లేట్లు కొలత తప్పాయా అని అడిగాను.

"తప్పలా సార్, ఆ సందు ఉండాల్సిందే. దాంట్లోనే పని ఉండాది" అన్నాడు.

"ఏం పని?" అన్నాను.

"ఏమో సార్, కంపెనీవాళ్ళు అట్టా చెప్పినారు. వదిలేసేయండి."

కారణం చెప్పలేనివాడి మాట నేను వినను. సర్వీసులో ఉన్నప్పుడూ అంతే. ఎండిన తుమ్మచెక్క తీసుకుని, ఆ సందుకు సరిగ్గా సరిపోయేలా నాలుగు ముక్కలు కోసి, చిత్రిక పట్టి, మధ్యలో కన్నం తొలిచి, బోల్టుకు ఎక్కించాను. వెంట్రుక దూరే సందు కూడా లేదు. నట్లు బిగించి, బల్లను రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాను. బండరాయే. బల్లను అక్కవాళ్ళ చర్చిలో పెట్టిన రోజు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. నేను తల వంచుకున్నానే గానీ లోపల తల ఎత్తుకునే ఉన్నాను.

తర్వాత రెండేళ్ళలో అక్క చేతులు వణకడం మొదలైంది. నెల్లూరులో డాక్టరుకు చూపించాం. పెద్ద జబ్బేం కాదు, వయసుతో కొందరికి వస్తుంది అన్నాడు. టీగ్లాసు పట్టుకుంటే సాసరు మీద టకటకలాడేది. అయినా మొదటి ఆదివారం పని మానలేదు. నేను వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. ఎడమచెయ్యి బల్ల అంచు మీద గట్టిగా ఆనించి, కుడిచేత్తో గ్లాసులు నింపేది. గుడ్డ మడిచేటప్పుడు ఎదురుగా ఇంకో అమ్మాయి రెండో కొస పట్టుకునేది, అక్క ఎడమచెయ్యి అప్పుడూ బల్ల మీదే. పాపం, ఆనుకోకుండా నిలబడలేకపోతోంది అనుకునేవాణ్ణి. నా బల్ల ఆవిడకు ఊతంగా పనికొస్తోందని కాస్త సంతోషించాను కూడా.

ఒకటి రెండుసార్లు అక్క నాతో అంది. "అబ్బయా, బల్ల కొంచెం ఊగతా ఉండాదిరా, ఒకసారి చూడరాదా" అని. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది అక్కా అన్నాను. మరుసటి నెల వెళ్ళేసరికి ఎవరో ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు. చూశావా, నేలే అన్నాను.

ఆ తర్వాత వచ్చిన ఒక మొదటి ఆదివారం నేను మూడో వరసలో కూర్చున్నాను. గుడ్డ రెండో కొస పట్టుకునే అమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అక్క ఒక్కతే లేచి వెళ్ళి, రెండు చేతులతో గుడ్డ పైకెత్తింది. అదే సమయంలో అయ్యగారు పెద్ద బైబిలు బల్ల కొసన పెట్టి దాని మీద చెయ్యి ఆనించారు. పళ్ళెం పక్కకు జారింది. జారి, అంచు దాటి ఒరిగింది, గ్లాసులన్నీ బోర్లా పడ్డాయి. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద ద్రాక్షారసం పారి, అంచుల నుంచి నేల మీద బొట్లు బొట్లుగా పడింది. కొన్ని గ్లాసులు పగిలాయి. అక్క చేతుల్లో గుడ్డ ఉంది. ఆ చేతులు వణుకుతున్నాయి. అందరూ ఆ చేతులనే చూశారు, నేను కూడా.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద అక్క నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

"ఒరే, నా చెయ్యి పళ్ళేనికి తగిలి కాదురా. బల్ల కదిలింది. నేను చూసినా."

నేనన్న మాట ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇదంతా రాయడం దండగ. "నేను చేసిన బల్ల కదలదు అక్కా. నీ చెయ్యే. ఒప్పుకుంటే ఏం పోయింది" అన్నాను. పక్కన నలుగురు విన్నారు. అక్క చీరకొంగు సర్దుకుని, పగిలిన గాజు ఏరడానికి లోపలికి వెళ్ళింది.

ఆ వారంలోనే సంఘపెద్ద నాకు ఫోన్ చేశాడు. మంచివాడు, నొప్పించకుండా మాట్లాడతాడు. "అన్నా, పెద్దమ్మ ఇన్నేళ్ళు చేసినారు, ఇంక విశ్రాంతి తీసుకోమని చెప్పినాము. వచ్చే నెల శాలువా కప్పి సన్మానం చేస్తాము. ఆ ఒక్క ఆరాధన ఆమే చేస్తారు, ఆ తర్వాత చిన్నవాళ్ళు చూసుకుంటారు. మీరు తప్పకుండా రావాల." అక్క ఏమంది అని అడిగాను. "సరే అన్నారన్నా. ఒక్కమాట కూడా అన్లా" అన్నాడు. నాకు తేలిగ్గా అనిపించింది. మా అక్క ఒక్కమాట కూడా అనకుండా ఊరుకుందంటే అది అంగీకారం కాదని తెలిసి ఉండాల్సింది.

బల్ల విప్పి బిగించే పని పాళెంలో ఒక వేటగాడిది. ఆ నెల అతను వేటకు పోయి ఇంకా ఒడ్డుకు రాలేదు. పాళెం నుంచి వచ్చిన బల్ల కాళ్ళు వేరు, పలక వేరుగా చర్చి గోడకు ఆనించి ఉందని, వచ్చి బిగించి పొమ్మని సంఘపెద్ద మళ్ళీ ఫోన్ చేశాడు. గురువారం ఉదయం సంచిలో స్పానర్లు వేసుకుని వెళ్ళాను. చర్చి తాళంచెవి నా చేతికిచ్చి, అతను పొలానికి వెళ్ళిపోయాడు. లోపల నేనొక్కణ్ణే.

కాళ్ళు పెట్టి, నట్లు బిగించి, బల్లను నిలబెట్టాను. బైబిలు పెట్టే చోట స్టీలుగ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టాను. ఎందుకు పెట్టానో సరిగ్గా చెప్పలేను. నా బల్ల కదలదని నాకు నేను రుజువు చేసుకోవడానికే అయివుంటుంది. బల్ల కొస మీద చెయ్యి ఆనించాను. నీళ్ళు అంచు దాటి ఒలికాయి.

ముందు నేలను తిట్టుకున్నాను. వంగి చూస్తే నాలుగు కాళ్ళూ నేలకు ఆనుకునే ఉన్నాయి. కాలి కింద కాగితం కూడా దూరలేదు. నేల తప్పయితే బల్ల ఒక మూల లేచి టక్‌మని కూర్చోవాలి. ఇది అలా లేవడం లేదు. కాళ్ళు ఉన్నచోటే ఉండి, పలక ముందుకూ వెనక్కూ వెళ్ళి వస్తోంది. అంటే తప్పు నేలలో కాదు, కీలులో ఉంది. నా సర్వీసంతా ఇలాంటివి చూసి బతికినవాణ్ణి, రెండు నిమిషాల్లో తెలిసిపోయే తేడా ఇది. మూడేళ్ళలో ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు. బల్లకు ఎప్పుడూ సగం కాళ్ళ దాకా తెల్లగుడ్డ వేలాడుతూ ఉండేది, అది ఎత్తి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఒక చేత్తో కాలిని, ఇంకో చేత్తో పట్టీని పట్టుకుని ఊపాను. కాలూ పట్టీ కలిసే చోట బొటనవేలు పెడితే ఆ గీత తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నట్టు వదులైందేమోనని స్పానరు వేశాను. అంగుళం తిరగలేదు. నట్టు బిగువు, కీలు వదులు. ఇదెలా కుదురుతుంది? పాటల పుస్తకంలోంచి ఒక కాగితం తీసుకుని కాలికీ పట్టీ కొసకూ మధ్య పెడితే సాఫీగా లోపలికి వెళ్ళిపోయింది. అదే కాగితాన్ని నా తుమ్మ ముక్కకూ కాలికీ మధ్య పెట్టబోతే మొన కూడా దూరలేదు.

అప్పుడు అర్థమైంది.

నట్టు తిప్పితే కాలు లోపలికి రావాలి. లోపలికి వచ్చి పట్టీల కొసలను గట్టిగా నొక్కితేనే కీలు బిగుస్తుంది. కాలు లోపలికి రావడానికి చోటు కావాలి. ఆ చోటే షాపాయన చెప్పిన సందు. నేను ఆ చోటును తుమ్మతో పూడ్చేశాను. చేసిన రోజున కాలు ఒకేసారి పట్టీలకూ తుమ్మకూ ఆనింది కాబట్టి బండరాయిలా నిలిచింది. తర్వాత నెలకు రెండుసార్లు విప్పి బిగించడంలో పట్టీ కొసలు కొద్దిగా నలిగాయి, పట్టీల టేకుచెక్క ఆరి కాస్త కుంచించుకుపోయింది. కాగితమంత సందు వచ్చింది. మామూలుగా అయితే నట్టు ఇంకో చుట్టు తిప్పితే పోయేది. ఇక్కడ ఎంత తిప్పినా బిగువంతా తుమ్మ మీదే. తుమ్మ నలగదు. కాలు కదలదు. ఆ పాళెం మనిషి పాపం ప్రతి నెలా ఒళ్ళంతా బలం పెట్టి నా తెలివితక్కువతనాన్నే బిగించాడు.

నాలుగు నట్లూ విప్పాను. మూడు వచ్చాయి. నాలుగోది తిప్పితే నట్టుతోపాటు బోల్టు కూడా తిరిగి కాలిలోంచి ఊడి వచ్చింది. సముద్రగాలికి తుప్పు పట్టి రెండూ ఒకటైపోయాయి. ఎంతకాలంగా అలా ఊడి వస్తూ, మళ్ళీ దిగుతూ ఉందో, కాలిలో కన్నం గుల్లయిపోయింది. వేలు పెడితే చెక్కపొడి రాలింది.

కావలి వెళ్ళాను. అదే షాపు, అదే మనిషి. తుప్పు పట్టని స్టీలు బోల్టులు నాలుగు అడిగాను. పాతవి అప్పుడే పోయినాయా సార్ అని అడిగాడు. నీ సందు విషయం నువ్వు చెప్పిందే నిజం అన్నాను. అతనికి గుర్తు కూడా లేదు. "ఏ సందు సార్?" అన్నాడు. నేను ఏడ్వలేక నవ్వాను.

శుక్రవారం ఆ గుల్ల కన్నాన్ని డ్రిల్లుతో శుభ్రంగా వెడల్పు చేసి, టేకు మేకు ఒకటి గుండ్రంగా చెక్కి, జిగురు రాసి లోపలికి కొట్టి, ఆరనిచ్చాను. శనివారం ఉదయానికి అది గట్టిపడింది. దాని మధ్యలో, బోల్టు మర లోతు మినహాయించి నడుము ఎంత లావు ఉంటుందో అంత సన్నటి కన్నం తొలిచాను. వంకర పోకుండా మూలమట్టం పక్కన పెట్టుకున్నాను. తలలేని బోల్టును దింపడానికి ఒక చిట్కా ఉంది. నట్టు మర మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురు బిగిస్తే అవి తాళం పడినట్టు ఆగిపోతాయి. అప్పుడు పై నట్టుకు స్పానరు వేసి తిప్పితే బోల్టంతా చెక్కలోకి దిగుతుంది. స్క్రూ మరకు చర్చి కొవ్వొత్తి రుద్దాను, లేకపోతే టేకు చీలుతుంది. స్క్రూ సగం పూర్తిగా మునిగాక ఆగి, రెండు స్పానర్లతో నట్లను విడదీశాను. మిగతా మూడు కాళ్ళకూ పాత బోల్టులు ఇలాగే రెండు నట్లతో వెనక్కి తిప్పి తీసి, కొత్తవి వేశాను.

ఈసారి సందు వదిలేశాను. ప్లేటుకూ కాలికీ మధ్య బోల్టు గాల్లో కనిపిస్తూనే ఉంది. చూస్తే ఒళ్ళు మండింది. అయినా ముట్టుకోలేదు. వాషరు వేసి నట్టు తిప్పుతుంటే, కాలు కొద్దికొద్దిగా లోపలికి జరిగి పట్టీలను కరుచుకోవడం చేతికి తెలిసింది. చివరి పావుచుట్టుకు చెక్క చిన్నగా కిర్రుమంది. కాగితం పెట్టబోతే ఎక్కడా దూరలేదు. నీళ్ళ గ్లాసు పెట్టి, బల్ల కొస మీద నా బరువంతా ఆనించాను. నీళ్ళు కదల్లేదు.

అప్పుడే అక్క గ్లాసులు కడగడానికి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నన్నూ, స్పానర్లనూ, కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన నాలుగు తుమ్మ ముక్కలనూ చూసింది. నేను చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆవిడ వింటూ గ్లాసులు వేన్నీళ్ళలో వేసింది.

"బల్ల సంగతి సరేరా" అంది చివరికి. "తప్పు ఎవరైనా చేస్తారు. నేను చూసినా అని చెప్పినా గదా. నా మాట ఎందుకు నమ్మలా నువ్వు?"

ఆవిడ చేతులు వణుకుతున్నాయి కాబట్టి కళ్ళు కూడా పనిచేయవని నేను అనుకున్నాను. అంతే. అది జవాబు కాదు, నేరం.

ఇంటికి వెళ్ళాక ఒక ఆలోచన రాకపోలేదు. బల్ల బాగైంది. రేపు శాలువా కప్పుతారు. నేను నోరు మూసుకుంటే నా పనితనం మీద మచ్చ ఉండదు, సంఘం కూడా మర్యాదగానే సాగిపోతుంది. అక్క ఎవరికీ చెప్పదు, చెప్పే మనిషి కాదు. కాసేపు ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. నేను అంత మంచివాణ్ణేం కాదని చెప్పడానికే ఈ మాట రాశాను.

ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలకు సమయం ఇచ్చారు. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి చెప్పారు. నేనూ లేచాను. నేను ఆ సంఘంలో ఎప్పుడూ నోరు విప్పినవాణ్ణి కాదు, అందరూ తిరిగి చూశారు. జేబులోంచి తుమ్మ ముక్కలు తీసి చేతిలో పట్టుకున్నాను.

"పోయిన నెల ద్రాక్షారసం ఒలికింది మా అక్క చేతివల్ల కాదు. నా బల్ల వల్ల. ఈ నాలుగు ముక్కలు పెట్టకూడని చోట పెట్టినాను. అక్క నాకు ముందే చెప్పింది. నేను ఆమెదే తప్పని నలుగురిలో అన్నాను. కాబట్టి నలుగురిలోనే చెప్తున్నాను."

ముక్కలు మళ్ళీ జేబులో వేసుకున్నాను. కూర్చున్నాను. సంఘపెద్ద శాలువా మడత ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. దాన్ని ఏం చేయాలో తెలియక ఒకసారి అయ్యగారి వైపు, ఒకసారి అక్క వైపు చూసి, చివరికి మెల్లగా సంచిలో పెట్టేశాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, బల్ల మీరే చూసుకోండి. ఈ నెలకే కాదు, మీరు చాలు అనేదాకా" అన్నారు.

అక్క లేచింది. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే ముందుగా ఎడమచెయ్యి బల్ల అంచు మీద గట్టిగా ఆనించింది.

అక్కడే నాకు రెండోసారి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆవిడ బల్లకు ఆనుకోలేదు. బల్లను పట్టుకుంది. ప్రతి నెలా ఎడమచేత్తో నా బల్లను కదలకుండా అదిమిపట్టి, మిగిలిన ఒక్క చేత్తోనే, వణికే చేత్తోనే, అన్ని గ్లాసులూ నింపింది. రెండు చేతులూ పెట్టుకునే వీలుంటే ఆ వణుకు సగం కనిపించేది కాదేమో. పోయిన నెల గుడ్డ కోసం రెండు చేతులూ తీయాల్సి వచ్చింది, అంతే.

అక్క అరచేయి కాసేపు అక్కడే ఉంది. ఒకసారి అదిమి చూసింది. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటిగా లేపి, చెయ్యి మొత్తం తీసేసి, ఊరికే నిలబడి బల్ల వైపు చూసింది. పళ్ళెం నిశ్చలంగా ఉంది. అప్పుడు రెండు చేతులతో గుడ్డ ఎత్తి, తనే నాలుగు మడతలు వేసి, పక్కన పెట్టింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. గ్లాసులు మాత్రం కదల్లేదు.